కీబోర్డులో రెండు కీలు పనిచేయడం లేదు, మార్చి ఇవ్వగలరు

విక్రయదారు గారికి,

నమస్కారం. హనుమకొండలో నాకు చిన్న డీటీపీ సెంటర్ ఉంది. మీ దగ్గర జూన్ 9న రూ. 1,850 పెట్టి కొన్న వైర్డ్ కీబోర్డు (ఆర్డర్ నంబరు 40718-2265) 13న అందింది. అట్టపెట్టె బాగానే ఉంది, లోపలి వస్తువే బాగాలేదు.

d కీ ఎంత గట్టిగా నొక్కినా అక్షరం పడటం లేదు. j కీ ఒక్కసారి నొక్కితే రెండుసార్లు పడుతోంది. నేను ఇన్‌స్క్రిప్ట్‌లో తెలుగు టైప్ చేస్తాను. అందులో పొల్లు d మీద, ‘ర’ j మీద ఉంటాయి. పొల్లు లేకపోతే దాదాపు ఏ ఒత్తూ రాదు. ‘పద్మ’ అని కొడితే ‘పదమ’ అని, ‘వరంగల్’ అని కొడితే ‘వరరంగల’ అని వస్తోంది. ఇది పెళ్లి పత్రికల సీజన్. పేర్లలో తప్పు పడితే ఆ ఇంటివాళ్లకు నేనేం జవాబు చెప్పాలి?

వేరే యూఎస్‌బీ పోర్టులో, మా తమ్ముడి ల్యాప్‌టాప్‌లో కూడా పెట్టి చూశాను, అదే తీరు. నా పాత కీబోర్డు మాత్రం అదే కంప్యూటర్‌లో సరిగ్గా పనిచేస్తోంది. పెట్టె విప్పినప్పటి వీడియో, టైప్ చేసిన వీడియో, బిల్లు జతచేశాను.

నాకు డబ్బు వాపసు వద్దు, ఇదే మోడల్‌లో మంచి కీబోర్డు కావాలి. పంపేముందు ఒక్కసారి అన్ని కీలూ నొక్కి చూడండి. లోపమున్న ఈ కీబోర్డును మీ ఖర్చుతోనే తీసుకెళ్లాలి. లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోనని విక్రేత అనకూడదని 2020 ఈ-కామర్స్ నిబంధనల్లో ఉంది. వారంలోగా మార్చి ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేస్తాను.

ఇట్లు,
డీటీపీ సెంటర్ యజమాని,
హనుమకొండ
జూన్ 14