కాటన్ బెడ్‌షీట్లు – సెకండ్స్, మిగులు సరుకు: దేనిలో ఏ లోపం, ఎందుకు ఇంత తక్కువ ధర

ఈ పేజీలో ఉన్నవి మా మొదటి రకం దుప్పట్లు కావు. నేతలోనో రంగులోనో అచ్చులోనో చిన్న లోపం కనిపించి తనిఖీలో పక్కన పెట్టినవి కొన్ని. లోపమేమీ లేకపోయినా ఆర్డర్‌కు మించి తయారై మిగిలినవి కొన్ని. అన్నీ కలిపి 214 సెట్లు. సెట్ అంటే ఒక డబుల్ దుప్పటి, రెండు దిండు గలీబులు.

బట్ట మొదటి రకానిదే. నూరు శాతం కాటన్, పడుగూ పేకా రెండూ 40 కౌంట్ నూలు, థ్రెడ్ కౌంట్ 200, చదరపు మీటరుకు సుమారు 125 గ్రాములు. దుప్పటి 90×108 అంగుళాలు, గలీబు 18×28. ఒకే మగ్గాల మీద నేసి, ఒకే చోట కుట్టించాం.

కింద చెప్పిన తగ్గింపులన్నీ ఇదే బట్టలో మొదటి రకాన్ని మేం ఈ రోజు అమ్ముతున్న ధర మీద లెక్కేసినవి. తగ్గింపు పెద్దగా కనపడాలని ఎక్కువ ధర ఒకటి రాసి దాన్ని కొట్టేసి చూపించలేదు.

నేత గీత ఉన్నవి – 62 సెట్లు, 35 శాతం తక్కువ

నేసేటప్పుడు పేక పోగు ఒకటి తప్పినా, నూలులో లావు ముక్క పడినా బట్టకు అడ్డంగా సన్నటి గీత వస్తుంది. పడుగు పోగు తెగితే అదే గీత నిలువుగా వస్తుంది. ఈ 62 దుప్పట్లలో ఒక్కోదానికి ఒకటి నుంచి మూడు గీతలున్నాయి. ఎక్కువ శాతం జానెడు పొడవులోపే, కొన్నిట్లో మూర దాకా ఉన్నాయి. మొదటి ఫొటో దగ్గర నుంచి తీసింది, పక్కన స్కేల్ పెట్టాం. లేత నీలం దుప్పటి మధ్యలో అడ్డంగా వెంట్రుకంత సందు కనిపిస్తుంది చూడండి. వేలితో తడిమితే గీత దగ్గర బట్ట కాస్త పల్చగా తగులుతుంది. రెండు మూడు ఉతుకుల తర్వాత పోగులు కొంత సర్దుకుంటాయి గానీ గీత పూర్తిగా పోదు. ముదురు రంగుల్లో పెద్దగా తెలియదు, తెలుపులోనూ లేత రంగుల్లోనూ తెలుస్తుంది. గీత ఉన్న చోట బట్టను రెండు చేతులతో గట్టిగా లాగి చూసి, పోగులు విడిపోతున్నవాటిని తీసేశాకే మిగిలినవి ఇక్కడ పెట్టాం.

రంగు తేడా ఉన్నవి – 47 సెట్లు, 25 శాతం తక్కువ

దుప్పటి ఒక లాటులో, గలీబులు ఇంకో లాటులో రంగు వేసినవి. ఒకే రంగు, ఒకే పాళ్లు అయినా లాటు మారితే షేడ్ కొద్దిగా మారుతుంది. ఇటుక ఎరుపు సెట్లలో గలీబు దుప్పటి కంటే ఒక మెట్టు ముదురు. ఆకుపచ్చలో తేడా ఇంకా తక్కువ, ట్యూబ్‌లైటు కింద దాదాపు కనిపించదు, పగటి వెలుతురులో కనిపిస్తుంది. అందుకే ఫొటోలు పగలు కిటికీ దగ్గర, గలీబును దుప్పటి మీదే పెట్టి తీశాం. నేతలో, కుట్టులో ఏ లోపమూ లేదు కాబట్టి వీటికి తగ్గింపు తక్కువ. సెట్ మొత్తం ఒకే షేడ్‌లో ఉండాలనుకునేవాళ్లు ఇవి తీసుకోవద్దు.

అచ్చు జరిగినవి – 38 సెట్లు, 30 శాతం తక్కువ

పూల డిజైన్‌లో ఒక్కో రంగు విడివిడిగా పడుతుంది. ఒక రంగు రెండు మిల్లీమీటర్లు పక్కకు జరగడంతో ఆకు అంచు గీత ఆకు మీద కాక పక్కన పడింది, ఆ సందులో తెల్లటి బట్ట కనిపిస్తోంది. నాలుగడుగుల దూరం నుంచి ఎవరూ గుర్తుపట్టరు, పడుకుని దగ్గరగా చూస్తే తెలుస్తుంది. దుప్పటి అంతటా ఇలాగే ఉంటుంది, ఒక మూలకే పరిమితం కాదు.

మరక ఉన్నవి – 19 సెట్లు, 50 శాతం తక్కువ

ఇవి మగ్గం నూనె మరకలు. శుభ్రం చేశాం, లేత బూడిద రంగు నీడ మిగిలింది. నేత తర్వాత జరిగే వేడి పనుల్లో మరక బట్టలో పాతుకుపోయింది కాబట్టి ఇంట్లో ఉతికితే పోతుందని మేం చెప్పం. బఠాణీ గింజంత నుంచి బొటనవేలి గోరంత దాకా ఉన్నాయి. పరుపు కిందికి మడిచే భాగంలో ఉంటే అసలు కనపడవు, నడిమధ్యలో ఉంటే దాచలేం. అందుకే ఈ 19కీ ఒక్కోదానికి నంబరు వేసి, మరక ఎక్కడుందో బాణం గుర్తుతో చూపించి విడివిడిగా ఫొటోలు పెట్టాం. మీరు ఏ నంబరు ఎంచుకుంటే ఆ సెట్టే వస్తుంది.

మిగతా రకాల్లో ఫొటోలు నమూనాకే. మీకొచ్చే సెట్‌లో గీత వేరే చోట ఉండొచ్చు. ఫొటోలో చూపిన దానికంటే పెద్ద లోపం మాత్రం ఉండదు, మా దగ్గరున్న వాటిలో ఎక్కువ లోపం ఉన్నదాన్నే ఎంచి ఫొటో తీశాం.

మిగులు సరుకు – 48 సెట్లు, 30 శాతం తక్కువ

ఇవి తనిఖీలో పాసైనవే. తనిఖీలో కొన్ని పోతాయని ప్రతి ఆర్డర్‌కూ కొంత అదనంగా నేస్తాం. ఈసారి అనుకున్నన్ని పోలేదు, మిగిలిపోయాయి. కొన్న కంపెనీ లేబుల్‌తో అమ్మే హక్కు మాకు లేదు కాబట్టి లేబుల్ కత్తిరించాం. మూలలో కుట్టు దగ్గర చిన్న తెల్ల ముక్క కనిపిస్తే అదే. ఆ కంపెనీ పేరు అడగొద్దు, చెప్పలేం. లోపం లేనప్పుడు ధర ఎందుకు తగ్గించారని చాలామంది అడుగుతారు. ఈ రంగులు మళ్లీ వేయం, మా కేటలాగ్‌లో వీటికి చోటు లేదు, గోడౌన్‌లో ఉన్నన్నాళ్లూ స్థలమూ డబ్బూ వీటిలో ఇరుక్కుని ఉంటాయి. త్వరగా కదలాలనే తగ్గించాం. తర్వాత ఇదే రంగులో ఇంకో గలీబు కావాలంటే దొరకదు, ఇప్పుడే చూసుకోండి.

సెకండ్స్‌కి ధర తగ్గడానికి కారణం ఇంకా సూటిగా ఉంది. నూలు ఖర్చు, నేత కూలి, కుట్టు కూలి మాకు మొదటి రకానికి అయినంతే అయ్యాయి. తగ్గిన ధరకు అమ్మితే వాటిలో కొంత మాకు తిరిగి రాదు. అయినా కంటికి కనపడే లోపం ఉన్నదానికి మీ దగ్గర పూర్తి ధర తీసుకోవడం న్యాయం కాదు. బాగున్న బట్టను చింపి తుడుపుగుడ్డలుగా తూకానికి అమ్మడం కంటే, లోపం చెప్పి ఇవ్వడమే మాకు ఇష్టం.

చిల్లు పడినవి, అంచు చిరిగినవి, కుట్టు ఊడుతున్నవి, తడిగుడ్డతో రుద్దితే రంగు వదిలేవి ఇందులో లేవు. వాటిని ఏ ధరకూ అమ్మం.

ఎవరికైనా కానుకగా ఇవ్వాలంటే మిగులు సరుకులోంచి తీసుకోండి. రోజూ వాడకానికి, హాస్టల్‌కు, అద్దె గదులకు, పిల్లల మంచాలకు నేత గీతవి బాగా పనికొస్తాయి. రేటూ మన్నికా రెండూ చూసుకునేవాళ్లకు మేం ముందు చూపించేవి అవే.

పేజీలో చెప్పిన లోపం కారణంగా సెట్ వెనక్కి తీసుకోం. చెప్పని లోపం ఏది కనిపించినా, చెప్పిన లోపమే ఫొటోలో కంటే పెద్దగా ఉన్నా, అందిన 10 రోజుల్లోపు ఉతక్కుండా ఫొటో తీసి పంపండి. పూర్తి డబ్బు తిరిగి ఇస్తాం, పంపే ఖర్చూ మాదే. మార్చి ఇస్తామని మాట ఇవ్వలేం, అదే రంగు మిగిలి ఉంటుందో లేదో తెలియదు.

మొదటిసారి చల్లటి నీళ్లలో విడిగా ఉతకండి. కాటన్ కాబట్టి కాస్త కుదించుకుంటుంది, పరుపు మందంగా ఉంటే ఆర్డర్ చేసేముందు కొలత చూసుకోండి. సెట్లు అమ్ముడైన కొద్దీ పైన ఉన్న అంకెలు ప్రతి సాయంత్రం మారుస్తాం.