మా చీరల కొట్టు రిటర్న్ పాలసీ, ప్రైవసీ పాలసీ

2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చే ఆర్డర్లకు ఇది వర్తిస్తుంది.

సైట్ పెట్టిన కొత్తలో ఈ పేజీలో ఎక్కడినుంచో కాపీ కొట్టిన పాలసీ ఉండేది. అందులో మేం ఏనాడూ అమ్మని చెప్పుల సైజుల గురించి ఒక పేరా ఉందని ఒక కస్టమర్ చెబితేగానీ మాకు తెలియలేదు. అంటే దాన్ని మేమూ చదవలేదన్నమాట. ఆ పాలసీ తీసేశాం. కింద ఉన్నది మేమే రాసుకున్నాం, మా దగ్గర జరిగేది కూడా ఇదే.

మేం మంగళగిరిలో ఉండే భార్యాభర్తలం. ప్యాకింగ్‌కు ఇద్దరు సాయం వస్తారు. కొట్టు పూర్తి చిరునామా, జీఎస్టీ నంబర్, ఫిర్యాదులు చూసేవారి పేరు, ఫోన్ నంబర్ సైట్‌లో ప్రతి పేజీ అడుగునా ఉంటాయి, మీ బిల్లు మీదా ఉంటాయి.

రిటర్న్ పాలసీ

*చీర నచ్చకపోతే*

పార్శిల్ అందిన 7 రోజుల్లోపు వాట్సాప్‌లో గానీ ఈమెయిల్‌లో గానీ ఒక మాట చెప్పండి. కారణం అడగం. ఫోన్‌లో చూసిన రంగు చేతికొచ్చాక వేరేగా అనిపించడం మామూలే. మడత విప్పి, భుజాన వేసుకుని అద్దంలో చూసుకోవచ్చు. అలా చూసుకోకుండా చీర ఎవరు కొంటారు? కానీ కట్టుకుని బయటికి వెళ్లినా, ఉతికినా, ఫాల్ గానీ పికో గానీ కుట్టించినా, బ్లౌజ్ ముక్క కత్తిరించినా నచ్చలేదన్న కారణంతో వెనక్కి తీసుకోలేం. డిస్కౌంట్‌లో కొన్న చీరకూ ఇదే పద్ధతి.

డబ్బు ఎంత వస్తుందో ఒక లెక్క చూడండి. చీర 2,850 రూపాయలు, డెలివరీ 90, మొత్తం 2,940 కట్టారనుకుందాం. మేం కొరియర్ అబ్బాయిని మీ ఇంటికి పంపిస్తే ఆ ఖర్చు 120 తీసేసి 2,730 వేస్తాం. మీరే పోస్టులో పంపితే చీర ధర 2,850 మొత్తం వస్తుంది. మొదట కట్టిన 90 మాత్రం రెండు విధాలా రాదు, అది అప్పటికే కొరియర్‌కు వెళ్లిపోయి ఉంటుంది.

పార్శిల్ ఇంకా మా దగ్గర నుంచి బయల్దేరకముందే వద్దనుకుంటే ఒక్క రూపాయి కూడా కోయం.

*తప్పు మాదైతే*

చిరుగు, మరక, వేరే చీర రావడం, సైట్‌లో రాసినదానికీ వచ్చినదానికీ పొంతన లేకపోవడం, వీటిలో ఏదైనా సరే మొత్తం డబ్బు వాపసు ఇస్తాం. పై లెక్కలో అయితే 2,940 రూపాయలూ. తెప్పించుకునే ఖర్చు మాది. డబ్బు వద్దు, అలాంటిదే ఇంకో చీర కావాలంటే స్టాక్ ఉన్నంతవరకు అదే పంపిస్తాం. 7 రోజుల గడువు దీనికి లేదు. ఫాల్ కుట్టించాక లోపం కనబడినా చెప్పండి.

చెప్పిన తేదీ దాటి పార్శిల్ వచ్చినా ఇదే మాట. శుక్రవారం పెళ్లికని తెప్పించుకున్న చీర సోమవారం వస్తే మీకెందుకు? వరదల్లాంటి, మా చేతిలో లేని కారణంతో ఆలస్యమైతే మాత్రం ముందుగానే ఫోన్ చేసి, ఉంచుకుంటారో లేదో అడుగుతాం.

డబ్బా విప్పుతూ వీడియో తీస్తేనే రిటర్న్ అనే షరతు మాకు లేదు. పార్శిల్ రాగానే కెమెరా పట్టుకుని నిలబడటం అందరికీ కుదిరే పని కాదు. లోపం ఉన్న చోట ఒక ఫొటో, మొత్తం చీర ఒక ఫొటో పంపండి, చాలు.

*ఏది లోపం, ఏది చేనేత గుణం*

మాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ వీటి గురించే కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాం.

మగ్గం మీద పోగు తెగితే నేతగాడు ముడి వేసి మళ్లీ కలుపుతాడు. ఆ ముడి చీర వెనకవైపు వేలికి తగులుతుంది. అది లోపం కాదు. అంచు పొడవునా సన్నటి సూది రంధ్రాలు వరసగా ఉంటే కంగారు పడకండి, నేసేటప్పుడు బట్ట బిగువుగా ఉండాలని గుచ్చిన గుర్తులవి. అడ్డంగా నేసే పేక పోగు కొన్నిచోట్ల కాస్త దట్టంగా, కొన్నిచోట్ల పలచగా పడుతుంది. ఒకే రంగు చీరలు రెండు కొంటే వాటి మధ్య రవ్వంత తేడా ఉండొచ్చు, రెండూ ఒకే అద్దకంలో మునిగినవి కాకపోవచ్చు.

నిలువుగా ఉండే పడుగు పోగులు వరసగా తెగి సందు కనబడితే అది లోపమే. జరీ పోగు లేచి వేలాడినా, చీరకు నూనె మరక ఉన్నా లోపమే. ముదురు రంగు చీరలు మొదటి రెండు ఉతుకుల్లో కొద్దిగా రంగు దిగుతాయి. వాటిని విడిగా, చల్లటి నీళ్లలో ఉతకమని పార్శిల్‌లో చీటీ పెడతాం. అలా ఉతికినా అంచు రంగు చీర మీదికి పాకిందంటే తప్పు అద్దకంలో ఉంది, ఆ చీర మాకు పంపేయండి.

పొడవు విషయానికొస్తే, చీర ఐదున్నర మీటర్లు, దాంతోపాటు బ్లౌజ్ ముక్క 80 సెంటీమీటర్లు. చేత్తో కొలిచేది కాబట్టి 5 సెంటీమీటర్లు అటూ ఇటూ అవుతుంది. అంతకు మించి తగ్గితే మా తప్పే.

చేనేత అని మేం రాసి అమ్మిన చీర మరమగ్గం మీద నేసిందని తేలితే ఎన్నేళ్లయినా సరే, బిల్లు నంబర్ చెబితే మొత్తం డబ్బు ఇచ్చేస్తాం.

*వెనక్కి తీసుకోనివి*

మీ కొలతలకు కుట్టిన బ్లౌజులు, మీటర్ల లెక్కన కత్తిరించి ఇచ్చిన బట్ట, మీరు అడిగిన రంగు అద్దించి నేయించిన చీరలు. ఈ సంగతి ఆర్డర్ పెట్టకముందే ఆ పేజీలో కనబడుతుంది. వీటిలోనూ లోపం ఉంటే, బ్లౌజ్ ఇచ్చిన కొలతలకు తేడాగా ఉంటే, పైన తప్పు మాదైతే అన్నచోట రాసిందే వర్తిస్తుంది.

*డబ్బు ఎలా, ఎప్పుడు*

చీర మా చేతికొచ్చాక మూడు పనిదినాల్లో చూసి డబ్బు పంపేస్తాం. ఏ కార్డు నుంచి, ఏ యూపీఐ నుంచి కట్టారో దానికే వెళ్తుంది. మీ ఖాతాలో పడటానికి బ్యాంకును బట్టి మరికొన్ని రోజులు పట్టొచ్చు. పంపిన రోజే రిఫరెన్స్ నంబర్ మీకు మెసేజ్ చేస్తాం, ఆలస్యమైతే బ్యాంకులో దాన్ని చూపించండి. డబ్బుకు బదులు కూపన్ తీసుకోమని అనం.

రిఫండ్ కోసం మేం ఓటీపీ అడగం, క్యూఆర్ కోడ్ పంపం, యాప్ దించుకోమనం. డబ్బు మీకు రావాలంటే మీరు స్కాన్ చేయాల్సింది గానీ, పిన్ కొట్టాల్సింది గానీ ఏమీ ఉండదు. మా పేరు చెప్పి ఎవరైనా అలా అడిగితే ఫోన్ పెట్టేయండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆ తర్వాత మాకూ చెప్పండి.

ప్రైవసీ పాలసీ

*మీ దగ్గర తీసుకునేవి*

పేరు, చిరునామా, ఫోన్ నంబర్. బిల్లు మెయిల్‌కు కావాలంటే ఈమెయిల్. బ్లౌజ్ కుట్టించుకుంటే కొలతలు. మీ పుట్టినరోజు, పెళ్లిరోజు మేం అడగం. ఫోన్‌లోని కాంటాక్టులు, లొకేషన్ మా సైట్ చూడదు.

కార్డు నంబర్ మా దగ్గరికి రానే రాదు. డబ్బు కట్టే పేజీ పేమెంట్ గేట్‌వే వాళ్లది. డబ్బు అందిందా లేదా, ఎంత, ఏ రిఫరెన్స్ నంబర్ మీద, అంతవరకే మాకు తెలుస్తుంది. మాలాంటి దుకాణాలు కార్డు నంబర్లు దాచుకోకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన 2022 అక్టోబర్ 1 నుంచి అమల్లో ఉంది కూడా.

అమెరికాలో ఉన్న కూతురు డబ్బు కట్టి తెనాలిలో అమ్మకు చీర పంపించే ఆర్డర్లు మాకు చాలా వస్తాయి. అప్పుడు అమ్మగారి చిరునామా, నంబర్ డెలివరీకి మాత్రమే వాడతాం. ఆవిడకు ఆఫర్ల మెసేజీలు పోవు. ధర కనబడకుండా పంపమంటే బిల్లు మీకే మెయిల్ చేస్తాం.

*ఎవరికి చేరతాయి*

కొరియర్ కంపెనీకి పేరు, చిరునామా, ఫోన్ నంబర్ వెళ్తాయి, పార్శిల్ మీది చీటీ మీదా అవే ఉంటాయి. డబ్బా పారేసేముందు ఆ చీటీ చింపేయండి. బ్లౌజ్ కుట్టే దర్జీకి కొలతలు, ఆర్డర్ నంబర్ ఇస్తాం, పేరు ఇవ్వం. లెక్కలు చూసే ఆడిటర్‌కు బిల్లులు వెళ్తాయి. చట్టప్రకారం అధికారులు అడిగితే ఇవ్వక తప్పదు. ఇంతకు మించి ఎవరికీ ఇవ్వం, అమ్మం. వాట్సాప్‌లో మాట్లాడితే ఆ కంపెనీ నియమాలు కూడా ఉంటాయి. అది ఇష్టం లేనివాళ్లు ఫోన్ చేయొచ్చు, ఈమెయిల్ పెట్టొచ్చు.

*ఎన్నాళ్లు ఉంచుతాం*

బిల్లులు ఎక్కువ కాలం ఉంచాలి. జీఎస్టీ చట్టం ప్రకారం ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు. ఉదాహరణకు 2026 జూన్‌లో మీరు కొన్న చీర బిల్లును, ఆ రిటర్న్ గడువు 2027 డిసెంబర్ 31 కాబట్టి, 2033 డిసెంబర్ ఆఖరుదాకా ఉంచుతాం. బ్లౌజ్ కొలతలు, వాట్సాప్ మాటలు, లోపం చూపించడానికి మీరు పంపిన ఫొటోలు డెలివరీ అయిన ఏడాదికి తీసేస్తాం. వచ్చేసారికి కూడా కొలతలు ఉంచమంటే ఉంచుతాం.

*ఆఫర్లు, ఫొటోలు, కుకీలు*

కొత్త చీరల మెసేజీలు కావాలని మీరు గడిలో టిక్ పెడితేనే వస్తాయి. ఆ టిక్ మేం ముందే పెట్టి ఉంచం. వద్దనుకున్న రోజు "ఆపండి" అని పంపితే ఆగిపోతాయి. చీర కట్టుకుని మీరు పంపిన ఫొటో మాకెంతో సంతోషం, కానీ మిమ్మల్ని అడిగి, మీరు సరేనన్నాకే సైట్‌లో పెడతాం. తర్వాత తీసేయమంటే తీసేస్తాం.

కుకీ అంటే సైట్ మీ ఫోన్‌లో పెట్టుకునే చిన్న గుర్తు. మీ బుట్టలో ఏ చీర ఉందో గుర్తుంచుకోవడానికి ఒకటి వాడతాం, అది లేకపోతే ఆర్డర్ నడవదు. ఎంతమంది సైట్ చూశారో లెక్కపెట్టేది రెండోది. మీరు ఒప్పుకుంటేనే అది పనిచేస్తుంది.

18 ఏళ్లలోపు పిల్లలకు చీర కావాలంటే ఆర్డర్ అమ్మో నాన్నో పెట్టాలి.

*మీ హక్కులు*

మా దగ్గర మీ వివరాలు ఏమున్నాయో అడగొచ్చు. తప్పులు దిద్దమనొచ్చు, తీసేయమనొచ్చు, ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకోవచ్చు. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం వచ్చింది, దాని నిబంధనలు 2025 నవంబర్‌లో వచ్చి దశలవారీగా అమలవుతున్నాయి. ఆ గడువుల కోసం ఆగకుండా మేం ఇప్పటినుంచే పాటిస్తున్నాం. చట్టం ఉంచమన్నవి తీసేయలేకపోతే, అవి ఏవో, ఎప్పటిదాకా ఉంటాయో రాసి చెబుతాం. మీ వివరాలు బయటికి పొక్కాయని మాకు తెలిస్తే ఆలస్యం చేయకుండా మీకు చెబుతాం, ఏం పొక్కిందో కూడా.

ఫిర్యాదు

ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో జవాబిస్తాం, నెలలోపు తేలుస్తాం. 2020 ఈ-కామర్స్ నిబంధనలు పెట్టిన గడువులివి. మామూలుగా మాకు అంత సమయం పట్టదు. పండగల ముందు మాత్రం ఫోన్ ఒక్కోసారి ఎత్తలేం, మెసేజ్ పెట్టండి.

మా జవాబు సరిగా లేదనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, అందుకోసం మంగళగిరి దాకా రానక్కర్లేదు. మీరు కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు ఉండదు. సమస్య వచ్చిన రెండేళ్లలోపు వేయాలి.

ఈ పేజీలో ఏదైనా మారిస్తే కొత్త తేదీ పైన వేస్తాం, పాత పాఠం కూడా సైట్‌లోనే ఉంచుతాం. మీరు ఆర్డర్ పెట్టిన రోజున ఇక్కడ ఏముందో మీ ఆర్డర్‌కు అదే లెక్క.