పదో తరగతి ఏ సెక్షన్, 2025–26: ఇయర్‌బుక్ పేజీలు

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, కడియం మండలం, తూర్పు గోదావరి జిల్లా

డీటీపీ వారికి (ఈ భాగం అచ్చులో రాదు)

పేజీ ఏ4, నిలువు. చుట్టూ 20 మి.మీ. మార్జిన్. పైన 27 మి.మీ. శీర్షిక పట్టీ. దాని కింద అడ్డంగా మూడు, నిలువుగా మూడు, మొత్తం తొమ్మిది గళ్లు. గడి వెడల్పు 50 మి.మీ., ఫొటో 40 × 50 మి.మీ., గడి మధ్యలో. ఫొటో కింద పేరుకీ మాటకీ కలిపి 22 మి.మీ. గళ్ల మధ్య అడ్డంగా 10, నిలువుగా 7 మి.మీ. వదలండి.

పేరు రామభద్ర ఫాంటులో 12 పాయింట్లు, ఒక్కటే లైను. మాట మండలి ఫాంటులో 10 పాయింట్లు, మూడు లైన్లు దాటకూడదు. లైను దూరం 15 పాయింట్లు ఉంచండి. అంతకన్నా తగ్గిస్తే పై లైను వత్తులు కింది లైను గుడుల్లో చిక్కుకుంటాయి. ఇంటిపేరు పొడి అక్షరం, చుక్క, ఒక ఖాళీ, తర్వాత పేరు. ఒక్క సత్యనారాయణకి తప్ప అందరికీ ఇదే పద్ధతి. సత్యనారాయణ పూర్తి పేరు వీర వెంకట సత్యనారాయణ. రెండో లైనుకి పోకుండా వి.వి. సత్యనారాయణ అని పెట్టాం, అతనూ సరేనన్నాడు.

ఫొటోలు కత్తిరించేటప్పుడు కళ్లు పై అంచు నుంచి 20 మి.మీ. దగ్గర పడాలి. మణికంఠ పొడుగు, ఎం. దుర్గ పొట్టి. పేజీలో మాత్రం అందరి చూపూ ఒకే గీత మీద ఉండాలి. ఇంకో ముఖ్యమైన మాట. ఎవరి ముఖమూ తెల్లగా చేయొద్దు. నునుపు చేసే ఫిల్టర్లు వద్దు, మొటిమలు చెరపొద్దు. వెలుతురు సరిచేయాల్సి వస్తే 27 ఫొటోలకీ ఒకే లెక్కన సరిచేయండి. పిల్లలు వాళ్ల రంగులోనే కనబడాలి. ప్రూఫ్‌లో నేను మొదట చూసేది ఇదే.

పేజీ 1. క్లాస్ టీచర్ మాట

మా 27 మందికి,

పది ఫలితాలు వచ్చిన రోజు ఊరి సెంటర్లో ఫ్లెక్సీలు లేస్తాయి. మొదటి ర్యాంకు ముఖం తలుపంత, రెండోది కిటికీ అంత, మిగతావాళ్లు కింద స్టాంపుల్లా. చాలామంది అసలు ఉండరు. 600కి ఎన్ని వచ్చాయో మెమో చెబుతుంది, దాని పని అది. ఈ పుస్తకం పని వేరు. ఐదేళ్లు ఒకే బెంచీల మీద కూర్చున్నవాళ్లు ఎవరెవరో చెప్పాలి. అందుకే ఇక్కడ ఎవరి ఫొటో అయినా ఒకటే కొలత. పేజీల్లో మార్కుల్లేవు, ర్యాంకుల్లేవు, లీడరు బ్యాడ్జీ కూడా లేదు. పేర్లు అఆఇఈల వరుసలో ఉన్నాయి.

ఫొటోలన్నీ లైబ్రరీ వరండాలో తీశాం. వెనక ఆకాశనీలం దుప్పటి, ముందు అదే స్టూలు, పదకొండు దాటాక నేరుగా ఎండ పడని చోటు. ఆ రోజు రానివాళ్లని మర్నాడు అదే వేళకి, అదే చోట కూర్చోబెట్టాం. తేజస్విని ఇంటి దగ్గర స్టూడియోలో దిగిన ఫొటో తెచ్చింది. చక్కగానే ఉంది. కానీ వెనక జలపాతం ఉంది. దాన్ని దాచుకోమని చెప్పి ఇక్కడ మళ్లీ తీశాం.

మాట రాయమంటే మొదటిసారి సగం మంది ఫోన్లో దొరికిన గొప్పవాళ్ల సూక్తులు రాసుకొచ్చారు. అవి ఏ బడి పిల్లలైనా రాయొచ్చు. అందుకని ఇలా అడిగాను: "ఈ మాట చదివితే ఇది రాసింది నువ్వేనని పక్క బెంచీవాళ్లకి తెలియాలి. పది మాటలు మించొద్దు." రెండోసారి వచ్చిన కాగితాలు స్టాఫ్ రూమ్‌లో పైకి చదివాం. ఎవరు రాశారో పేరు చూడకుండానే లెక్కల మాస్టారు దాదాపు అన్నీ చెప్పేశారు. వాటిలో అక్షరదోషాలు తప్ప నేనేమీ మార్చలేదు.

మీ తెలుగు మేడమ్

పేజీ 2. మనం: అ నుంచి జా వరకు

*పై వరుస*

కె. అనూష
"ప్రార్థనలో ప్రతిజ్ఞ చదివించింది నేనే. ఇప్పుడు నిద్రలో అడిగినా చెప్తాను."

పి. అభిరామ్
"మా నర్సరీలో మొక్కల పేర్లన్నీ వచ్చు. బయాలజీలో మాత్రం తడబడ్డాను."

బి. ఆశాజ్యోతి
"నర్సు అవుతాను. మా ఊళ్లో సూదిమందుకి ఎవరూ భయపడకుండా చూస్తాను."

*మధ్య వరుస*

జి. ఈశ్వర్
"సైకిల్ చైన్ ఊడితే నన్నే పిలిచేవారు. ఇకమీదా పిలవండి."

డి. ఉమామహేశ్వరి
"హిందీలో లింగభేదం ఇంకా కుదరలేదు. మాట్లాడటం మాత్రం మానను."

ఎన్. కార్తీక్
"ఖో-ఖోలో ముగ్గురిని అవుట్ చేసిన రోజు ఆకలే వేయలేదు."

*కింది వరుస*

టి. గ్రేస్
"క్రిస్మస్ కేకు డబ్బా ఖాళీగా ఇంటికెళ్లేది. అదే నాకు సంతోషం."

వై. చరణ్
"చివరి బెంచీ నుంచి బోర్డు బాగానే కనబడుతుంది. నమ్మండి మేడమ్."

కె. జాన్‌బాబు
"నాన్న లారీ మీద ఊళ్లు తిరుగుతారు. మ్యాప్ పాయింటింగ్ ఆయనే నేర్పారు."

పేజీ 3. మనం: జ్యో నుంచి ప్ర వరకు

*పై వరుస*

ఎస్. జ్యోత్స్న
"నా పేరు తప్పులేకుండా రాసినవాళ్లందరికీ థాంక్స్."

ఆర్. తేజస్విని
"ఎక్కాలు ఇరవై దాకా వచ్చు. ఎప్పుడైనా అడగండి."

ఎం. దుర్గ
"ఇద్దరు దుర్గల్లో పొట్టి దుర్గని. గొంతు మాత్రం పెద్దది."

*మధ్య వరుస*

వి. దుర్గ
"ఎవరు దుర్గా అన్నా ఇద్దరం పలికేవాళ్లం. అలవాటైపోయింది."

పి. నాగమణి
"అమ్మమ్మకి పేపరు చదివి వినిపిస్తాను. నా తెలుగు అక్కడే బాగుపడింది."

సీహెచ్. నిఖిల్
"త్రికోణమితి అర్థమైన రోజే మా తాటిచెట్టు ఎత్తు లెక్కగట్టాను."

*కింది వరుస*

ఎల్. పవన్
"క్లాసులో సగం మందికి లీవ్ లెటర్లు రాసిపెట్టింది నేనే."

జి. పూజిత
"పోలీసు అవుతాను. రోజూ పొద్దున్నే కాలవగట్టు మీద పరుగు మొదలుపెట్టాను."

ఎం. ప్రసన్న
"సంక్రాంతి పోటీలో చుక్క తప్పింది. అయినా ముగ్గు పూర్తిచేశాను."

పేజీ 4. మనం: ఫా నుంచి హా వరకు

*పై వరుస*

ఎస్.కె. ఫాతిమా
"రంజాన్ నెలలో నా పక్కన కూర్చుని ఎవరూ చిక్కీ తినలేదు."

ఎం. బాలాజీ
"మూడేళ్లు బడి గంట కొట్టాను. ఇంటర్వెల్ గంట ఇంకా గట్టిగా."

ఎ. భవాని
"అక్క పుస్తకాలతో చదివాను. నా నోట్సు ఇప్పుడు చెల్లికిస్తున్నాను."

*మధ్య వరుస*

కె. మణికంఠ
"మాల వేసుకున్నప్పుడు క్లాసంతా స్వామీ అన్నారు. ఇంకా అంటున్నారు."

ఎన్. రమ్య
"మైకు పట్టుకుంటే కాళ్లు వణికేవి. ఆగస్టు పదిహేనున మాట్లాడేశాను."

డి. రాజు
"పూల మార్కెట్‌లో పని చూసుకుని వచ్చేవాణ్ణి. లేటైనా రానిచ్చారు. దండాలు."

*కింది వరుస*

టి. లావణ్య
"లైబ్రరీ బీరువా తాళం నా దగ్గరుండేది. అదే నా ధీమా."

వి.వి. సత్యనారాయణ
"అన్నవరం స్వామి పేరు. మా వీధిలోనే నలుగురం ఉన్నాం."

బి. హారిక
"అక్షరక్రమంలో ఎప్పుడూ చివరిదాన్ని. అందరూ అయ్యాక గుర్తుండేది నేనే."

పేజీ 5. మనకు నేర్పినవాళ్లు, పెట్టినవాళ్లు

*ఇవీ అవే గళ్లు, అవే కొలతలు. పిల్లలు ఏమని పిలిచేవాళ్లో ఆ పిలుపే పేరుగా వేశాం.*

*పై వరుస*

హెచ్‌ఎం సార్
"సోషల్ క్లాసులో మీరు అడిగిన ప్రశ్నలే నన్ను మళ్లీ చదివించాయి."

తెలుగు మేడమ్
"పద్యం అప్పజెప్పిన ప్రతి గొంతూ నాకు గుర్తే."

హిందీ మేడమ్
"తప్పుగానైనా మాట్లాడండి. మౌనానికి నేను మార్కులు వేయలేను."

*మధ్య వరుస*

ఇంగ్లిష్ సార్
"ఇంటర్లో మొదటి నెల కష్టంగా ఉంటుంది. రెండో నెల ఉండదు."

లెక్కల మాస్టారు
"జవాబు తప్పినా స్టెప్పులు రాయండి. దారి కనబడితే సరిచేయొచ్చు."

పీఎస్ సార్
"ల్యాబులో పగిలిన పరీక్షనాళికలకి లెక్క లేదు. చేసి చూశారు, చాలు."

*కింది వరుస*

బయాలజీ మేడమ్
"అభిరామ్ తెచ్చిన మందార కొమ్మ ఇప్పుడు గేటు పక్కన పూస్తోంది."

పీఈటీ సార్
"గెలిచిన కప్పు ఒకటే. ఆడిన సాయంత్రాలు బోలెడు."

వంట పిన్నిగారు
"ఎవరికి చారు ఎక్కువ కావాలో పళ్లెం చూసి చెప్పగలను."

పేజీ 6. ధవళేశ్వరం వెళ్లిన రోజు

*సగం పేజీ ఫొటో: బ్యారేజీ పిట్టగోడ పక్కన క్లాసంతా. కింద ఈ రాత, రెండు కాలమ్‌లు.*

మన పొలాలకీ నర్సరీలకీ వచ్చే కాలవ నీళ్లు ఎక్కణ్నుంచి మొదలవుతాయో చూద్దామని హెచ్‌ఎం సార్ తీసుకెళ్లారు. పుస్తకంలో ఆనకట్ట అంటే ఒక గోడ అనుకున్నాం. అక్కడికెళ్లాక అది ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలని, మధ్యలో లంకలున్నాయని తెలిసింది. మొత్తం 175 గేట్లు. బాలాజీ లెక్కపెట్టడం మొదలుపెట్టి మంచులో కనబడక ఆపేశాడు.

కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది. ఇప్పుడున్న బ్యారేజీ దాని తర్వాత కట్టింది, పేరు మాత్రం ఆయనదే. మ్యూజియంలో ఆనకట్ట నమూనా చుట్టూ చేరి ఎవరి ఊరు ఎటువైపో వెతుక్కున్నాం. ఇక్కడి నుంచే గోదావరి గౌతమి, వసిష్ఠగా చీలిపోతుంది. ఆశాజ్యోతి అమ్మమ్మగారి ఊరు వసిష్ఠ ఒడ్డునట. మన ఇంటి కాలవలో ఆకు వేస్తే అక్కడికి పోతుందా అని అడిగింది. పోదని, మన కాలవ తూర్పు డెల్టాదని, వసిష్ఠ అవతలిది పశ్చిమ డెల్టా అని సార్ నేల మీద పుల్లతో గీసి చూపించారు. సోషల్ పరీక్షలో మ్యాప్ పెట్టినప్పుడు మాలో చాలామందికి ఆ పుల్లగీతే గుర్తొచ్చింది.

మధ్యాహ్నం గట్టు కింద పులిహోర పొట్లాలు విప్పాం. గ్రేస్, ఫాతిమా ఇంటి నుంచి తెచ్చినవీ అందరికీ వచ్చాయి. చివర్లో చరణ్ చెప్పు ఒకటి దొరకలేదు. బస్సు ఆపి అందరం వెతికితే డ్రైవరుగారి సీటు కిందే ఉంది.

రాసినవాళ్లు: సీహెచ్. నిఖిల్, ఎన్. రమ్య

వెనక అట్ట లోపలి వైపు

ఫొటోలు: ఇంగ్లిష్ సార్, ఎల్. పవన్. పేర్లు హాజరు పట్టీతో సరిచూసినవాళ్లు: టి. లావణ్య, ఎస్. జ్యోత్స్న. మొదటి ప్రూఫ్ ప్రతి ఒక్కరికీ చూపించి, వాళ్ల గడి పక్కన వాళ్లతోనే సంతకం పెట్టించాం.

మొత్తం 40 కాపీలు. విద్యార్థులకి 27, పేజీ 5లో ఉన్నవాళ్లకి 9, లైబ్రరీకి 2. మిగిలిన రెండూ ఆఫీసు బీరువాలో ఉంటాయి. ఎవరి కాపీ అయినా పోతే వచ్చి హెచ్‌ఎం సార్‌ని అడగండి.