పార్శ్వనొప్పికి వారం ప్రణాళిక

ఎవరి కోసం: విజయవాడలో అకౌంట్స్ ఉద్యోగం, వయసు 34, ఆఫీసు 9:30 నుంచి 6:30. నెలకు 8, 9 రోజులు తలనొప్పి, ఎక్కువగా ఆదివారం మధ్యాహ్నం, సోమవారం ఉదయం. శనివారం ఒక్కపొద్దు. ఆదివారం 9 దాకా నిద్ర.

నొప్పి ఆదివారమే ఎందుకు వస్తోందో ఈ వివరాల్లోనే ఉంది. శనివారం కడుపు ఖాళీ. ఆదివారం నిద్ర మూడు గంటలు ఎక్కువ. రోజూ ఏడింటికి తాగే కాఫీ ఆ రోజు పదింటికి. మైగ్రేన్ ఉన్నవారి మెదడు మార్పును తట్టుకోలేదు, అది విశ్రాంతి కోసం చేసిన మార్పైనా సరే. అందుకే ఈ ప్రణాళికలో అన్నిటికంటే ముఖ్యమైన రోజు ఆదివారం.

నిద్ర (వారంలో ఏడు రోజులూ)

రాత్రి 10:30కి పడక, ఉదయం 6:00కి లేవడం. ఆదివారం 6:30 దాకా పడుకోవచ్చు, అంతకు మించి వద్దు. పెళ్లికో జాతరకో వెళ్లి రాత్రి ఆలస్యమైనా ఉదయం అదే వేళకు లేవండి. మధ్యాహ్నం 2 గంటల ప్రాంతంలో 20 నిమిషాలు కునుకు తీయండి. తెల్లారి పొద్దెక్కేదాకా పడుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టదు, మర్నాటి లెక్క కూడా తప్పుతుంది. 9:45 తర్వాత ఫోన్ పడగ్గదిలో ఉండకూడదు. అలారానికి మామూలు గడియారం వాడండి.

భోజనం

లేవగానే గ్లాసు నీళ్లు. 7:00కి కాఫీ. 8:00కి టిఫిన్: మూడు ఇడ్లీలు సాంబారుతో, లేదా రెండు పెసరట్లు, లేదా ఉప్మాతో పాటు ఉడికించిన గుడ్డు. 11:00కి గుప్పెడు వేయించిన పల్లీలు లేదా ఒక అరటిపండు. 1:00కి భోజనం, పప్పు, పెరుగు తప్పనిసరి. 3:30కి రెండో కాఫీ, ఆ రోజుకి అదే ఆఖరు. 5:30కి మజ్జిగ లేదా శనగలు. 8:00కి రాత్రి భోజనం. మేలుకుని ఉన్నప్పుడు నాలుగు గంటలకు మించి కడుపు ఖాళీగా ఉండకూడదు. రోజుకి రెండు, రెండున్నర లీటర్ల నీళ్లు. ఎండాకాలంలో ఇంకో అర లీటరు.

శనివారం ఒక్కపొద్దు మానమని చెప్పడం లేదు. అన్నం ఒక పూటే తిన్నా, మిగతా వేళల్లో పాలు, పండ్లు, పల్లీలు, సగ్గుబియ్యం పైన చెప్పిన సమయాలకే తీసుకోండి. నిర్జల ఉపవాసం మాత్రం వద్దు.

కాఫీ ఒక్కసారిగా మానేయకండి. మానిన 12 నుంచి 24 గంటల్లో ఆ లోటు వల్లే తల నొప్పి మొదలవుతుంది. తగ్గించాలనుకుంటే మూడు, నాలుగు రోజులకోసారి అర కప్పు చొప్పున తగ్గించండి.

వ్యాయామం

సోమ, బుధ, శుక్ర: 6:20కి నడక, 40 నిమిషాలు. ముందు ఒక అరటిపండు, నీళ్లు. మొదటి 10 నిమిషాలు మెల్లగా, తర్వాత 20 నిమిషాలు చురుగ్గా (మాట్లాడగలగాలి, పాట పాడలేనంత వేగం), చివరి 10 మళ్లీ మెల్లగా. మొదటి 10 నిమిషాలు వదిలేసి ఒక్కసారిగా వేగం పెంచితే కొందరికి నడిచిన రోజే నొప్పి వస్తుంది, దాంతో వ్యాయామం పడలేదని మానేస్తారు. మంగళ, గురు, శని: మెడ, భుజాల సాగతీత 10 నిమిషాలు. ఆదివారం సెలవు. నొప్పి మొదలైన రోజు నడవకండి, కదిలితే పెరుగుతుంది.

మొదటి రెండు వారాలు నిద్ర, భోజనం మాత్రమే కుదుర్చుకోండి. నడక మూడో వారం నుంచి.

స్క్రీన్

ప్రతి 20 నిమిషాలకు 20 సెకన్లు, 20 అడుగుల దూరంలో ఉన్న దేన్నైనా చూడండి. 50 నిమిషాలకోసారి లేచి 5 నిమిషాలు నడవండి. సీసా నింపుకోవడం ఆ సమయంలోనే. పక్కన తెల్ల కాగితం పెట్టి, స్క్రీన్ వెలుగు దానికంటే ఎక్కువ కనిపిస్తే తగ్గించండి. కిటికీ ఎదురుగానో వెనకో కాక పక్కన ఉండేలా కూర్చోండి. 11న జీఎస్టీఆర్-1, 20న జీఎస్టీఆర్-3బీ గడువులు కాబట్టి ముందు రెండు రోజులు ఫోన్‌లో అలారం పెట్టుకోండి. పని ఒత్తిడిలో మొదట మర్చిపోయేది 11 గంటల పల్లీలు, విరామాలే.

నొప్పి వచ్చిన రోజు

డాక్టరు రాసిన మాత్ర నొప్పి మొదట్లోనే వేసుకోండి, ముదిరాక అంతగా పనిచేయదు. కానీ వారంలో రెండు రోజులకు మించి వద్దు. నెలకు పది, పదిహేను రోజులు నొప్పి మాత్రలు వేసుకుంటూ పోతే, కొన్ని నెలలకు ఆ మాత్రలే తలనొప్పిని తెస్తాయి. రెండు రోజులు చాలడం లేదంటే ముందుగా నొప్పి రాకుండా వాడే మందు గురించి అడగాలి. చీకటి గదిలో పడుకోండి, మర్నాడు మాత్రం 6:00కే లేవండి.

క్యాలెండర్‌లో నొప్పి రోజుకి ఎర్ర చుక్క, మాత్రకి నల్ల చుక్క, నెలసరి మొదటి రోజుకి గీత. ఎనిమిది వారాల క్యాలెండర్ డాక్టరుకు చూపించండి.

ఎన్నడూ లేనంత తీవ్రంగా ఒక్క నిమిషంలో వచ్చిన నొప్పి, చెయ్యి కాలు పట్టు తప్పడం, మాట తడబడటం, జ్వరంతో మెడ బిగుసుకోవడం: వీటిలో ఏది కనిపించినా ఈ ప్రణాళిక పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.