దేవుని కడప స్వామికి ఒక తల్లి మొర

స్వామీ, లక్ష్మీ వేంకటేశ్వరా,

రేపు మధ్యాహ్నం మా పాప బెంగళూరు బస్సు ఎక్కుతుంది. అర్ధరాత్రి దాటాక విమానం. జర్మనీలో రెండేళ్ళ చదువు. తిరుమల కొండకు పోయేవాళ్ళు ముందు నీకు మొక్కి పోవడం మన దగ్గర పెద్దల నాటి నుంచి ఉంది. మా ఇంట్లో ఇంత దూరం ఎవరూ పోలేదు. అందుకే నీ దగ్గరికి వచ్చాను.

అది ఎందుకు పోతోందో నీకు తెలుసు. 2021 నవంబరులో చెయ్యేరు పొంగి అన్నమయ్య డ్యామ్ కట్ట తెగినప్పుడు, కింది ఊళ్ళలో మా చుట్టాలు కట్టుబట్టలతో మిగిలారు. అప్పటికి ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో ఉన్న పిల్ల. కంప్యూటర్ల వైపు పొమ్మని అందరూ చెప్పినా వినలేదు. నీళ్ళ గురించే చదువుతానంది. కరువునూ వరదనూ రెండిటినీ చూసిన సీమ మనది, దానికి ఆ పట్టుదల రావడంలో వింత లేదు. ఆ చదువు దానికి ఒంటబట్టేలా చూడు స్వామీ. ర్యాంకులు అడగను. అర్థం కానప్పుడు అర్థం కాలేదని నలుగురిలో లేచి అడిగే ధైర్యం ఇవ్వు, చాలు.

నెలకు 992 యూరోలు చేతికి వచ్చేలా ఒక ఏడాది డబ్బు ముందే అకౌంట్‌లో కట్టేశాం. ఇల్లు బ్యాంకులో పెట్టి తెచ్చిన అప్పు అది. పాపకు ఆ సంగతి తెలుసు, అదే నా టెన్షన్. అక్కడ ప్రతి యూరోనూ రూపాయల్లోకి మార్చుకుని చూసి, కడుపు మాడ్చుకునే రకం. ఆకలి వేళకు దానికి ఆ లెక్కలు గుర్తు రానివ్వకు. వాళ్ళ జేజి చేసిచ్చిన పప్పుల పొడి, నిప్పట్లు నెల రోజులకే అయిపోతాయి. ఆ తర్వాత అన్నం వండుకునే ఓపిక ఇవ్వు. వండుకోలేని రోజు పక్క గదిలో పిల్లలు పిలిచి పెట్టేలా చూడు.

ఎండ నలభై దాటే ఊళ్ళో పెరిగిన బిడ్డ. అక్కడ చలికాలంలో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుందట. ఆ చీకటికి దిగులు పడతారని, లేచి బయటికి పోవాలనే అనిపించదని, పోయొచ్చిన పిల్లలు చెప్పారు. స్వామీ, జ్వరం వస్తే మాత్ర వేసుకుంటుంది. దిగులు వస్తే మాత్రం ఎవరికీ చెప్పదు. చిన్నప్పటి నుంచీ అంతే. మాకు రాత్రి పది అయ్యేసరికి ఫోన్ చేసి, "బాగున్నానమ్మా, తిన్నానమ్మా" అని నవ్వుతూ పెట్టేస్తుంది. నేను నీ ముందు కొంగు పట్టి అడిగేది ఇదొక్కటే. బాగాలేని రోజు బాగాలేదని చెప్పే చనువు దానికి నా దగ్గర ఉండనివ్వు. విన్నప్పుడు నేను కంగారు పడి నాలుగు మాటలు అనేయకుండా, చివరిదాకా వినే నిదానం నాకు ఇవ్వు. ఒకవేళ ఆ చదువు, ఆ దేశం దానికి సరిపడకపోతే, అప్పు గురించీ చుట్టాల మాటల గురించీ ఆలోచించకుండా ఇంటికి రాగలగాలి. దాని ప్రాణం కంటే నాకు ఏ చదువూ ఎక్కువ కాదు. ఆ మాట నా నోటితో చాలాసార్లు చెప్పాను. దాని మనసుకు నువ్వు చెప్పు.

నీ వెనకాల ఆంజనేయస్వామి కాపు కాస్తూ నిలబడి ఉన్నాడు. నా బిడ్డ వెనక కూడా ఎవరో ఒకరు ఉండాలి. ఏ దేశం వాళ్ళయినా సరే, ఏ దేవుణ్ణి మొక్కేవాళ్ళయినా సరే. ఉగాది నాడు ముస్లింలు బీబీ నాంచారమ్మ మా ఆడబిడ్డ అంటూ నీ గుడికి వచ్చి కొబ్బరికాయ కొట్టి పోతారు. అట్లాంటి ఊరి పిల్ల అది. మనుషులను నమ్మడం నేర్చుకునే పెరిగింది. ఆ నమ్మకాన్ని ఎవరూ మోసం చేయకుండా చూడు. రాత్రి పూట స్టేషన్‌లో దిగి ఒంటరిగా నడిచేటప్పుడు తోడుండు.

వాళ్ళ నాయన నాతో పాటు రాలేదు. సూట్‌కేసు తూకం చూస్తూ, తీసిందే తీసి సర్దిందే సర్దుతూ ఇంట్లోనే ఉండిపోయాడు. పైకి ఒక్క మాట అనడు. ఆయన్ను కూడా చూసుకో.

రేపు ఎయిర్‌పోర్టులో నేను ఏడవకుండా ఉండలేను, అది అడగను కూడా. నా ఏడుపు చూసి పాప కాళ్ళు ఆగకుండా చూడు స్వామీ. లోపలికి పోనివ్వు.