పిల్లలకు, పెద్దవారికి మెత్తటి భోజనం: రూమ్ సర్వీస్ మెనూ

ఆర్డర్‌కు గదిలోని ఫోన్‌లో 9 నొక్కండి. ఉదయం 6 నుంచి రాత్రి 11 వరకు అన్నీ దొరుకుతాయి. ఆ తర్వాత జావ, పాలు, పెరుగు, అరటిపండు మాత్రమే. ప్రతి వంటకం అప్పటికప్పుడు చేస్తాం కాబట్టి 25 నుంచి 35 నిమిషాలు పడుతుంది. పసిపిల్ల ఆకలితో ఏడుస్తుంటే ఆ మాట చెప్పండి, అరటిపండు గుజ్జు ముందుగా పంపిస్తాం.

ఎంత మెత్తగా కావాలి?

గుజ్జు: ముక్కలూ గడ్డలూ లేకుండా మెత్తగా రుబ్బి వడకట్టినది. నమలనక్కర్లేదు.
చిదిమినది: చెంచాతో నొక్కితే నలిగిపోతుంది. పళ్లు లేకపోయినా చిగుళ్లతో తినవచ్చు.
మెత్తటి ముక్కలు: పెద్దవారికి ఒకటిన్నర సెంటీమీటరు, పిల్లలకు 8 మిల్లీమీటర్లు మించకుండా కోసినవి.

మింగడం కష్టమని డాక్టర్ చెప్పినవారు ఈ మూడింటిలో ఏది తమకు సరిపోతుందో ముందే తేల్చుకుని ఆర్డర్ ఇవ్వండి. ఫోన్‌లో విని మేం నిర్ణయించలేం.

ఎంత పెట్టాలి?

చిన్న గిన్నె 120 గ్రాములు, మధ్య గిన్నె 200, పెద్ద గిన్నె 300. ఏడాది దాటిన పిల్లలకు చిన్న గిన్నె, బడికి వెళ్లే వయసువారికి మధ్య గిన్నె సాధారణంగా చాలు. పెద్దవారిలో చాలామంది ఒకేసారి ఎక్కువ తినలేరు. వారికి ఒకే వంటకాన్ని రెండు చిన్న గిన్నెలుగా చేసి, రెండోది మీరు చెప్పిన వేళకు వేడిగా పంపుతాం. దానికి విడిగా చార్జీ లేదు.

ఉదయం

ఓట్స్ జావ, పాలతో లేదా నీళ్లతో. చక్కెర వేయం, పక్కన పెడతాం.
పలుచటి బియ్యం జావ. కడుపు బాగాలేనివారు ఎక్కువగా అడిగేది ఇదే.
గిలకొట్టి వండిన గుడ్డు. లోపలి వరకు పూర్తిగా ఉడికిస్తాం. పచ్చసొన జారుగా కావాలన్నా ఈ మెనూలో ఇవ్వం, ఎందుకంటే చిన్నపిల్లలకు, వయసు పైబడినవారికి సరిగా ఉడకని గుడ్డుతో ప్రమాదం ఎక్కువ.
అరటిపండు లేదా ఉడికించిన ఆపిల్ గుజ్జు. ఏమీ కలపం.

మధ్యాహ్నం, రాత్రి

గుమ్మడికాయ, క్యారెట్ సూప్. చిక్కగా, ముక్కలు లేకుండా.
జారుగా కలిపిన పప్పన్నం, పైన చెంచా నెయ్యి. నెయ్యి వద్దంటే తీసేస్తాం.
చిదిమిన బంగాళాదుంప, మెత్తగా ఉడికిన బఠాణీ.
కోడిమాంసం, కూరగాయల గుజ్జు. ఎముకలన్నీ తీసిన తర్వాతే రుబ్బుతాం.
ఆవిరిపై ఉడికిన చేప. ముళ్లు చేత్తో ఏరతాం. అయినా పిల్లలకు పెట్టే ముందు మీరూ ఒకసారి వేళ్లతో చూసుకోండి.

తీపికి కస్టర్డ్, పెరుగు, ఐస్‌క్రీమ్, జెల్లీ. చివరి రెండూ నోట్లోకి వెళ్లగానే నీళ్లలా కరుగుతాయి. పానీయాలు చిక్కగా చేసుకుని తాగమని సలహా ఉన్నవారికి అవి పనికిరావు. చిక్కబరిచే పొడి మీ దగ్గర ఉంటే పంపండి, దాని ప్యాకెట్‌పై రాసిన కొలత ప్రకారమే కలుపుతాం.

ఆర్డర్ ఇచ్చేటప్పుడు తప్పక చెప్పాల్సినవి

ఏడాది నిండని పిల్లల వయసు. వారి వంటకంలో ఉప్పు, చక్కెర, తేనె ఏవీ పడవు. తేనె పంపమని అడిగినా ఆ వయసుకు పంపం. ఐదేళ్లలోపు పిల్లల ట్రేలో గింజపప్పులు అలాగే పెట్టం, ద్రాక్షను నిలువుగా నాలుగు ముక్కలు చేస్తాం.

అలర్జీలు. గుడ్డు, పాలు, గోధుమ, సోయా, చేప, వేరుశనగ, జీడిపప్పు, బాదం అన్నీ ఒకే వంటగదిలో వాడతాం. పాత్రలు వేరు చేస్తాం కానీ వాటి జాడ అసలే ఉండదని మాట ఇవ్వలేం. తీవ్రమైన అలర్జీ ఉన్నవారి ఆర్డర్ తీసుకునే ముందు వంటమనిషే మీతో ఫోన్‌లో మాట్లాడతారు.

షుగర్. చక్కెర వేయనంత మాత్రాన తేలికని అనుకోకండి. బియ్యం జావ, చిదిమిన దుంప, పండ్ల గుజ్జు కూడా రక్తంలో చక్కెరను పెంచుతాయి. చిన్న గిన్నెతో పాటు గుడ్డు గానీ పప్పు గానీ కలిపి అడగడం మంచిది.

బీపీ, కిడ్నీ సమస్యలు. ఈ మెనూలోని ఏ వంటకాన్నైనా ఉప్పు లేకుండా వండి, ఉప్పు పొట్లం పక్కన పెట్టగలం. ఉప్పుకు బదులు వాడే లో-సోడియం పొడులు మాత్రం ఇవ్వం. వాటిలో పొటాషియం ఎక్కువ, కొందరి కిడ్నీలకు, కొన్ని బీపీ మందులకు అది పడదు. అరటిపండు, బంగాళాదుంప వద్దని డాక్టర్ చెప్పి ఉంటే వాటి బదులు ఏం పెట్టాలో మాట్లాడుకుందాం.

మందులు. రక్తం పలుచబడేందుకు వార్‌ఫరిన్ వాడేవారు ఆకుకూరల మోతాదును ఒక్కసారిగా పెంచకూడదు. అందుకే పాలకూరను ఏ వంటకంలోనూ మేం సొంతంగా కలపం.

తినిపించేటప్పుడు

మంచం మీద పడుకోబెట్టి కాకుండా నిటారుగా కూర్చోబెట్టి పెట్టండి. తిన్నాక అరగంట అలాగే కూర్చుంటే మంచిది. దిండ్లు, ఎత్తు కుర్చీ, పొడవాటి పిడి చెంచా, రెండు పిడుల కప్పు అడిగితే ట్రేతోనే వస్తాయి. పాలు, సూప్ గోరువెచ్చగా పంపుతాం. గదిలో మళ్లీ వేడి చేస్తే ఒకచోట కాలుతూ ఒకచోట చల్లగా ఉంటుంది, బాగా కలిపి, మణికట్టు మీద చుక్క వేసి చూడండి.

గిన్నెలో మిగిలింది తర్వాత పెడదామని 2 గంటలకు మించి ఉంచకండి. ట్రే తలుపు బయట పెట్టి 9 నొక్కితే తీసుకెళ్తాం.