రిసెప్షన్‌లో పెళ్లికూతురు చదివే నాలుగు మాటలు

(ఈ కాగితం అట్టకి అంటించుకోవాలి. వట్టి కాగితమైతే చెయ్యి వణికేది అందరికీ కనబడుతుంది. మైకు నోటికి బెత్తెడు దూరం. అందుకోగానే మాట్లాడొద్దు. ఊపిరి పూర్తిగా వదిలి, ముందు వరసలో అవ్వని చూసి మొదలుపెట్టాలి.)

అందరికీ నమస్కారం.

నలుగురిలో మాట్లాడాలంటే నాకు భయం. అందుకే రాసుకొచ్చాను, చూసే చదువుతాను. ఫొటోల కోసం స్టేజీ కింద నిలబడినవాళ్లు ఒక్క నాలుగు నిమిషాలు ఓపిక పట్టండి.

మామయ్యగారూ, అత్తయ్యగారూ! పెళ్లిచూపులకి కావలి వచ్చినరోజు మీరు నన్ను అడిగింది ఒకటే: "ఉద్యోగం చేస్తావా, మానేస్తావా? నీ ఇష్టం చెప్పమ్మా" అని. చేస్తానన్నాను. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. పైగా ముహూర్తం పెట్టేముందు నాకు సెలవు ఎప్పుడు దొరుకుతుందో కనుక్కుని, ఆ రోజుల్లోనే చూడమని పంతులుగారికి చెప్పారు. మీ ఇద్దరికీ నా నమస్కారాలు.

(ఆగాలి. చప్పట్లు కొడితే అయిపోయేదాకా చదవొద్దు.)

మొన్న రాత్రి విడిదింట్లో మోటారు కాలిపోయింది. తెల్లారుజామున ముహూర్తం, ఒంగోలు నుంచి రెండు బస్సుల జనం, కుళాయిలో చుక్క నీళ్లు లేవు. మగపెళ్లివారు అలగడానికి ఇంతకన్నా మంచి కారణం ఏం కావాలి? బావగారు అలగలేదు. ట్యాంకరు తెప్పించి, లుంగీ ఎగగట్టి, కుర్రాళ్లతో కలిసి బకెట్లు మోశారు. తలంబ్రాలు అయ్యేదాకా ఈ సంగతి మా నాన్న చెవిన పడనివ్వలేదు. బావగారూ, మీకు చాలా చాలా థ్యాంక్స్. వదినా, సాయంత్రం నుంచి నా కుచ్చిళ్లు జారకుండా కనిపెట్టుకుని ఉన్నావు, నీకూ.

ఇక మావాళ్లు. మేనమామ నన్ను బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొచ్చాడు. నా బరువెంతో నాకు తెలుసు మామా, ఆ నడుముకి రేపు డాక్టరుకి చూపించుకో. పిన్నమ్మా, సారెలోకి బయట కొందామంటే వినకుండా బియ్యం తడి ఆరకముందే దంచి, పాకం నువ్వే పట్టి, అరిసెలు, చలిమిడి ఇంట్లోనే చేశావు. అత్తగారింట్లో అవి అప్పుడే సగం ఖాళీ. తమ్ముడూ, వంటమాస్టరు దగ్గర్నుంచి అరటాకుల కట్టల దాకా అన్నీ నీ లెక్కే. పొయ్యిల దగ్గర, సన్నాయి దగ్గర రాత్రంతా నిద్రలేకుండా పనిచేసినవాళ్లకి కూడా ఇక్కడి నుంచే దండం పెడుతున్నాను.

(ఒక గుక్క నీళ్లు. ఇక్కడి నుంచి అమ్మ వైపు చూడొద్దు, గొంతు పూడుకుపోతుంది. హాలు చివర తలుపు చూస్తూ చదవాలి. ఏడుపొస్తే ఆగాలి, సారీ చెప్పక్కర్లేదు. ఆపిన దగ్గర్నుంచే అందుకోవాలి.)

నాన్నా! రాత్రి కరెంటు పోతే ఏరేటర్లు ఆగిపోతాయని, గాలి అందక రొయ్య తేలిపోతుందని, జనరేటర్ పక్కన చెరువుగట్టు మీదే పడుకునేవాడివి. తెల్లారి అదే బురదకాళ్లతో నన్ను కాలేజీ బస్సు ఎక్కించేవాడివి. రొయ్య ధర పడిపోయిన ఏడాది కూడా నా ఫీజు ఒక్కరోజు ఆలస్యం కాలేదు. ఎలా కట్టావో ఇప్పటికీ చెప్పలేదు. ఇప్పుడు అడగను.

అమ్మా! నా జీతంలో రూపాయి ముట్టుకోలేదు నువ్వు. మొదటి నెల బలవంతంగా కొనిచ్చిన వెంకటగిరి చీర ఇన్నాళ్లూ బీరువాలో దాచి, ఈరోజు కట్టావు. స్టేజీ ఎక్కగానే చూశాను.

(ఊపిరి. ఇప్పుడు నవ్వొచ్చు.)

ఈయన గురించి ఒక్క మాట. ఇది రాసుకుంటున్నప్పుడు ఫోన్లో చదివించుకుని, సగానికి సగం కొట్టేయించారు. మీరు ఇంత త్వరగా బయటపడుతున్నారంటే ఆయన పుణ్యమే.

కావలి బస్సులు పదిన్నరకి బయల్దేరతాయి. వాటిలో వెళ్లేవాళ్లు ముందు భోజనం కానిచ్చి, తర్వాత ఫొటోకి రండి. పెద్దవాళ్లు ప్లేటు పట్టుకుని వరసలో నిలబడక్కర్లేదు, ఎడమవైపు బల్లల మీద ఆకులు వేసి వడ్డిస్తున్నారు. తినకుండా మాత్రం ఎవరూ వెళ్లొద్దు. నమస్కారం.

(మైకు ఆయన చేతికి ఇచ్చేయాలి.)